విదేశీ చదువు, డబ్బు లెక్కలు – 3వ పాఠం: ఫారెక్స్ కార్డులో ఎంత వేయాలి?

పోయిన పాఠంలో ఫీజు పంపడం చూశాం. ఈసారి చేతి ఖర్చు. గుంటూరు నుంచి డల్లాస్ వెళ్లే ఒక అబ్బాయిని తీసుకుందాం. అక్కడ బ్యాంకు ఖాతా తెరిచి, కార్డు చేతికి వచ్చేదాకా మూడు నాలుగు వారాలు గడవాలి. ఆ కొద్ది వారాల కోసమే ఫారెక్స్ కార్డు, అంటే ఇక్కడే డాలర్లు వేయించి పట్టుకెళ్లే కార్డు. చాలామంది ఆర్నెల్లకు సరిపడా వేసేసి, తర్వాత మిగిలింది వెనక్కి తీసుకునేటప్పుడు నష్టపోతారు.

ముందు రెండు కార్డుల తేడా. ఫారెక్స్ కార్డులో డబ్బు వేసిన రోజే రూపాయలు డాలర్లుగా మారిపోతాయి. ఆ తర్వాత రేటు పెరిగినా తగ్గినా మీకు సంబంధం లేదు. ఇక్కడి బ్యాంకు డెబిట్ కార్డు అయితే గీకినప్పుడల్లా ఆ వేళ రేటుకు మారుతుంది. దానిపై బ్యాంకు మార్కప్, అంటే బ్యాంకు అదనంగా వేసుకునే శాతం, ఆ మార్కప్ మీద 18 శాతం జీఎస్టీ.

అంకెలు వేసి చూద్దాం. ఇవి లెక్క కోసం నేను అనుకున్న రేట్లు, మీ బ్యాంకువి వేరుగా ఉంటాయి. బయట డాలరు 90 రూపాయలు. బ్యాంకు కార్డులో వేయడానికి 91 అడిగింది. 1,500 డాలర్లకు 1,36,500 రూపాయలు. కరెన్సీ మార్చినందుకు జీఎస్టీ సుమారు 213, కార్డు ఫీజు పన్నుతో 354. మొత్తం 1,37,067.

అదే డెబిట్ కార్డుతో ఖర్చు పెడితే 1,35,000. 3.5 శాతం మార్కప్ అంటే 4,725, దాని జీఎస్టీ 850. మొత్తం 1,40,575. అంటే ఫారెక్స్ కార్డు దాదాపు 3,500 తక్కువ. కానీ మార్కప్ లేని డెబిట్ కార్డు మీ దగ్గరుంటే ఈ లెక్క తిరగబడుతుంది. అందుకే బ్రాంచిలో “ఫీజెంత?” అని మాత్రమే అడగొద్దు. “ఈ రోజు 1,500 డాలర్లు వేస్తే నా ఖాతాలోంచి మొత్తం ఎంత పోతుంది?” అని అడగండి. ఫీజు ఉచితం అన్నచోట రేటులో లాగేస్తారు.

లోడింగ్‌కి పాస్‌పోర్టు, వీసా, టికెట్, పాన్, విదేశీ డబ్బు కొనడానికి బ్యాంకులో నింపే ఏ2 ఫారం కావాలి. ఒక్క పని మాత్రం బయల్దేరే ముందే చేయించండి. అబ్బాయి అక్కడికి వెళ్లాక నాన్నగారు ఇక్కడి నుంచి రీలోడ్ చేయడానికి ఏ సంతకాలు కావాలో కనుక్కుని, అవి పెట్టించి వెళ్లాలి. లేకపోతే డబ్బు ఇక్కడ, సంతకం అక్కడ.

కార్డు వాడేటప్పుడు మెషీన్ “రూపాయల్లో కట్టమంటారా, డాలర్లలోనా?” అని అడిగితే డాలర్లే నొక్కాలి. రూపాయలు నొక్కితే ఆ దుకాణం వైపు వాళ్ల రేటు పడుతుంది, పైగా కార్డులో ఉన్న డాలర్లు మళ్లీ మారతాయి. దారిలో దోహా ఎయిర్‌పోర్టులో కాఫీ తాగినా ఇంతే, డాలర్ కార్డుకు రియాల్ పరాయి కరెన్సీ. పెట్రోలు బంకు, హోటల్ దగ్గర మరో చిక్కు ఉంది. బిల్లు కంటే ఎక్కువ మొత్తాన్ని పట్టి ఉంచి, కొన్ని రోజులకు గానీ వదలరు. బ్యాలెన్స్ ఉందని చూపిస్తూనే కార్డు పనిచేయదు. బ్యాలెన్స్ పక్కన “హోల్డ్” అని ఉందేమో చూడండి.

ఇక అసలు విషయం, మిగిలిన డబ్బు. 400 డాలర్లు మిగిలాయనుకోండి. 91కి కొన్నారు, బ్యాంకు తిరిగి కొనేది తన కొనుగోలు రేటుకు, 88.50 అనుకుందాం. ఒక్కసారే 1,000 రూపాయలు పోయాయి, జీఎస్టీ అదనం. రీఫండ్ ఫారం, కార్డు ప్రతి, రూపాయి ఖాతా వివరాలు ఇచ్చి రోజుల తరబడి ఎదురుచూడటం వేరే. కార్డు వాడకుండా వదిలేస్తే కొన్ని బ్యాంకులు ఇనాక్టివిటీ ఫీజు పేరుతో నెల నెలా కొరుకుతాయి.

కాబట్టి అబ్బాయి అక్కడే ఖర్చు చేసేయడం మేలు. ఖాతా తెరిచాక కూడా సరుకులన్నీ ముందు ఫారెక్స్ కార్డుతోనే కొనాలి. చివర్లో 7 డాలర్ల 40 సెంట్లు మిగిలితే, “ఈ కార్డు మీద 7.40 తీసుకోండి, మిగతాది ఇంకో కార్డు” అని కౌంటర్లో చెబితే చాలు, చాలా దుకాణాల్లో తీసుకుంటారు. ఏటీఎంలో తీసి ఖాతాలో వేయొచ్చు గానీ కార్డు ఫీజు, ఆ ఏటీఎం వాళ్ల ఫీజు రెండూ పడతాయి. చిన్న మొత్తానికి దండగ. చదువు మానేసో, పూర్తయ్యో ఇండియాకు తిరిగొచ్చేస్తే మాత్రం వాడని విదేశీ డబ్బు 180 రోజుల్లోపు అప్పగించాలన్నది నిబంధన. 2,000 డాలర్ల వరకు నోట్ల రూపంలో ఉంచుకోవచ్చు.

ఈ వారం లెక్క: మీ బ్యాంకు నేటి అమ్మకం రేటు, కొనుగోలు రేటు అడిగి, వాటి మధ్య తేడాను 300తో గుణించండి. 300 డాలర్లు ఎక్కువగా వేసి వెనక్కి తీసుకుంటే, జీఎస్టీ కాకుండా మీకు పోయేది అదే. వచ్చే పాఠంలో మొదటి నెల ఖర్చు, డిపాజిట్ నుంచి దుప్పటి దాకా వరుసగా రాసి చూద్దాం.