సంతకాల బ్యాట్, బంతి అసలువేనా? ఇంకు, పాతదనం, సర్టిఫికెట్ ఫొటో చూసి తేల్చుకోవడం ఎలా?

సంతకాలున్న బ్యాట్ చేతికి రాగానే అందరి చూపూ సంతకాల మీదికే పోతుంది. అంతకంటే ముందు అమ్మేవాళ్లు దాని గురించి ఏం చెబుతున్నారో ఒక కాగితం మీద రాసుకోండి. ఎవరు సంతకం చేశారు, ఏ సంవత్సరంలో, ఏ సందర్భంలో? “ఇది పాతది, ఆస్ట్రేలియా కెప్టెన్ బ్రాడ్‌మన్ సంతకం ఉంది” అంటే చాలదు. “1948 ఇంగ్లండ్ పర్యటనలో ఆస్ట్రేలియా జట్టులోని 17 మందీ సంతకం చేశారు” అన్నంత స్పష్టంగా ఉండాలి. అలాంటి మాటనైతేనే పరీక్షించగలం. అదే బ్యాట్ మీ ముందు ఉందనుకుని మొదలుపెడదాం.

ముందు ఇంకు

పది రెట్లు పెద్దగా చూపించే చిన్న భూతద్దం, ఒక టార్చి ఉంటే చాలు. టార్చిని పైనుంచి కాకుండా పక్కనుంచి, బ్యాట్‌కు దాదాపు ఆనేలా వెయ్యండి. అప్పుడే గీతల లోతు కనబడుతుంది.

1948లో సంతకాలకు ఎక్కువగా వాడింది ఇంకు పెన్నే. బాల్ పెన్నులు అప్పుడప్పుడే దుకాణాల్లోకి వస్తున్నాయి కాబట్టి బాల్ పెన్ను గీత ఉన్నంత మాత్రాన కొట్టిపారెయ్యకూడదు. మార్కర్ సంగతి వేరు. స్కెచ్ పెన్ను రకాలు వాడకంలోకి వచ్చింది 1960ల్లో. షార్పీ మార్కర్ వచ్చింది 1964లో. కాబట్టి “1948 పర్యటన” బ్యాట్ మీద మొదటినుంచి చివరిదాకా ఒకే మందంతో నల్లటి మార్కర్ గీత కనబడితే ఆ పర్యటన కథ నిలబడదు.

చాలామంది ఇక్కడే తొందరపడి సంతకమే దొంగది అనేస్తారు. అది సరికాదు. బ్రాడ్‌మన్ 2001 ఫిబ్రవరి దాకా బతికారు, రిటైరయ్యాక కూడా ఎంతోమందికి సంతకాలు చేశారు. మార్కర్‌తో చేసిన బ్రాడ్‌మన్ సంతకం అసలుదే కావచ్చు. అబద్ధమైంది సంవత్సరం. ఈ తేడా పట్టుకోకపోతే మంచి వస్తువును వదులుకుంటాం, లేదా తప్పుడు కథను నమ్ముతాం.

వార్నిష్ లేని విల్లో చెక్క మీద ఇంకు పెన్ను గీత ఎలా ఉంటుందో ఒకసారి దగ్గరగా చూస్తే మరిచిపోరు. గీత అంచునుంచి సన్నటి వెంట్రుకల్లాంటి పాయలు చెక్కలో నిలువుగా కనబడే గ్రెయిన్ గీతల వెంబడి పైకీ కిందికీ పాకి ఉంటాయి. బాల్ పెన్నయితే చెక్కలో చిన్న గాడి పడుతుంది. టార్చి పక్కనుంచి వేస్తే ఆ గాడిలో నీడ కనబడుతుంది. రబ్బరు స్టాంపు ముద్రలో ఇంకు అంచులకు జరిగి, మధ్యలో పలచబడుతుంది. అచ్చు వేసినదైతే చుక్కలు చుక్కలుగానో, ఒత్తిడిలో హెచ్చుతగ్గులే లేకుండానో ఉంటుంది. బ్రాడ్‌మన్ విషయంలో ఇది ముఖ్యం. విలియం సైక్స్ కంపెనీ తయారుచేసిన బ్యాట్ల మీద ఆయన సంతకం అచ్చు ఫ్యాక్టరీలోనే పడేది. దాన్ని చేతి సంతకంగా చూపించేవాళ్లు ఉంటారు.

17 సంతకాలూ ఒకే ఇంకుతో ఉంటే అనుమానించక్కర్లేదు, ఒకే పెన్ను చేతులు మారి ఉండొచ్చు. కానీ వాలు, ఒత్తిడి, అక్షరాల మధ్య ఎడం కూడా అందరివీ ఒకేలా ఉంటే ఒక్కరే కూర్చుని అన్నీ రాసినట్టు.

పాతదనం: ఏది ముందు, ఏది వెనక?

విల్లో వెలుతురుకు, గాలికి మెల్లగా తేనెరంగులోకి మారుతుంది. ఆ రంగును తెచ్చిపెట్టుకోవడం కష్టమేమీ కాదు కాబట్టి రంగును నమ్మకండి. గ్రిప్ కొంచెం జరిగిన చోట, స్టిక్కర్ లేచిన చోట చూడండి. మామూలుగా పాతబడిన బ్యాట్‌లో అక్కడి చెక్క మిగతా భాగం కంటే తేటగా ఉంటుంది. రంగు పూసిన బ్యాట్‌లో మరక స్టిక్కర్ అంచు దగ్గర చారలా ఆగిపోతుంది, బంతి దెబ్బల గుంటల్లో గుమికూడుతుంది.

అన్నిటికంటే గట్టి ఆధారం బీటలు ఇస్తాయి. సంతకం మీదుగా ఒక సన్నటి బీట పోతే అక్కడ భూతద్దం పెట్టండి. సంతకం ముందు, బీట తర్వాత అయితే గీత రెండు ముక్కలుగా తెగి, బీట లోపలి చెక్క ఇంకు లేకుండా ఉంటుంది. ముందే బీట ఉండి తర్వాత సంతకం చేస్తే ఇంకు బీటలోకి దిగి, దాని గోడలకు అంటుకుంటుంది. బ్యాట్ పాతబడ్డాక పడిన బీటలోకి ఇంకు దిగి ఉంటే ఆ సంతకం కూడా ఆ తర్వాత వచ్చిందే.

ఎట్టి పరిస్థితుల్లోనూ స్పిరిట్‌తోనో తడిగుడ్డతోనో రుద్ది చూడకండి. అసలు సంతకం కూడా చెరిగిపోతుంది.

సర్టిఫికెట్ ఫొటో

బ్యాట్ ముఖం మీది గ్రెయిన్ గీతలు ఏ రెండు బ్యాట్లకూ ఒకేలా ఉండవు. సర్టిఫికెట్‌తో ఇచ్చిన బ్యాట్ ఫొటోను పెద్దది చేసి, ఎడమ అంచునుంచి గ్రెయిన్‌లను లెక్కపెట్టండి. బ్రాడ్‌మన్ సంతకంలోని మొదటి అక్షరం మూడో గ్రెయిన్ దాటాక మొదలై, చివరి అక్షరం తోక ఆరో గ్రెయిన్‌ను తాకి ఆగిందనుకోండి. చేతిలో ఉన్న బ్యాట్‌లోనూ సరిగ్గా అలాగే ఉండాలి. ఇలా కనీసం మూడు నాలుగు సంతకాలకు చూడండి. ఫొటో ఏటవాలుగా తీసి ఉంటే దూరాలు మారొచ్చు కానీ ఏ గీత ఏ గ్రెయిన్‌ను దాటిందన్న వరుస మారదు. రంగులు మాత్రం పోల్చకండి, అవి వెలుతురును బట్టి మారతాయి.

గ్రెయిన్ కలిసి, సంతకాల సంఖ్య కలవకపోతే ఇంకా జాగ్రత్తపడాలి. ఫొటోలో పన్నెండు, బ్యాట్ మీద పదిహేడు ఉంటే మిగతా ఐదూ ఫొటో తర్వాత చేరినవే.

ఆటగాడు బ్యాట్ పట్టుకుని నవ్వుతున్న ఫొటో చూసి మురిసిపోవద్దు. అందులో సంతకం చదవగలిగేలా కనబడాలి, గ్రెయిన్ కనబడాలి. పెన్ను చేతిలో ఉంటే అది వదిలే గీత, బ్యాట్ మీది గీత ఒకే రకమా అని చూడండి. ఒకే ఫొటోను చాలా వస్తువులకు జతచేసి అమ్మడం మామూలే కాబట్టి దాన్ని ఇమేజ్ సెర్చ్‌లో వెతకండి. హోలోగ్రామ్ నంబరును సరిచూసేటప్పుడు సర్టిఫికెట్ మీది క్యూఆర్ కోడ్‌ను నమ్మకుండా, సర్టిఫికెట్ ఇచ్చిన సంస్థ వెబ్‌సైట్‌ను మీరే వెతికి తెరవండి.

బంతి అయితే

బంతికి గ్రెయిన్ ఉండదు, కానీ కుట్లూ బంగారు రంగు ముద్రా ఉంటాయి. ముద్రలోని ఏ అక్షరానికి ఎదురుగా సంతకం మొదలైంది, ఏ కుట్టు దగ్గర ముగిసింది అని చూసి ఫొటోతో పోల్చండి. కుట్టు మీదుగా చేత్తో రాస్తే పెన్ను ఎగిరి గీత తెగుతుంది, లేదా గుంటలో ఇంకు ముద్దకడుతుంది. సంతకం ఆటకు ముందు చేసిందైతే తోలు అరిగిన చోట సంతకం కూడా అరగాలి. నున్నగా అరిగిన తోలు మీద గీత మాత్రం నిండుగా ఉంటే అది అరుగుదల తర్వాత వచ్చింది. గులాబీ బంతితో మొదటి టెస్టు జరిగింది 2015 నవంబరులో, అడిలైడ్‌లో. అంతకుముందు టెస్టులో ఆడిన గులాబీ బంతి అంటే ఇంక చూడనక్కర్లేదు.

చివరగా సర్టిఫికెట్‌లోని వాక్యం చదవండి. “మా ముందే సంతకం చేశారు” అనేది సాక్ష్యం, “మా అభిప్రాయంలో ఇది అసలుది” అనేది అభిప్రాయం. ఫొటో కలిస్తే సర్టిఫికెట్ పొందిన బ్యాట్ ఇదే అని తేలుతుంది, సంతకం ఎవరి చేతిదో తేలదు. మన బ్యాట్‌లో పదహారు సంతకాలు ఇంకు పెన్నువై, వాటిని దాటిన బీటల్లో ఇంకు లేకుండా ఉండి, బ్రాడ్‌మన్‌ది మాత్రం మార్కర్‌తో ఉందనుకోండి. అప్పుడు ఆ పదహారు పాతవే అనుకోవడానికి ఆధారం ఉంది. పదిహేడోది ఎప్పుడు, ఎవరి ఎదుట చేర్చారన్నది అమ్మేవారు కాగితంతో చూపించేదాకా దాన్ని పర్యటన సంతకంగా లెక్కించకండి.