మాట లేకుండా ఫ్రిజ్ ఫొటో వస్తే

సాయంత్రం ఏడింటికి హాస్టల్ వదిలి రూములో ఉంటున్న అబ్బాయో, కొత్తగా కాపురం పెట్టిన చెల్లెలో ఫ్రిజ్ అరల ఫొటో పంపి ఊరుకుంటే, "ఏంటిది?" అని అడగకండి. ఫ్రిజ్ పాడైతే నీళ్లు కారే చోటో, గడ్డకట్టిన మంచో తీస్తారు. తలుపు బార్లా తీసి అరలన్నీ కనబడేలా తీశారంటే, ఉన్నవాటితో ఏం వండాలో తోచట్లేదనే చాలావరకు. నేరుగా వంట పేరు చెప్పేయండి.

ముందు పాడైపోయేదాన్ని చూడండి. పాలకూర కట్ట, మూడు గుడ్లు, అర సొరకాయ, పెరుగు కనిపించాయనుకోండి. ఆకు అంచులు పసుపెక్కుతుంటే ఈ పూట పాలకూర గుడ్డు పొరటే. ఉల్లిపాయ, పచ్చిమిర్చి వేగాక తరిగిన ఆకు వేసి, నీరు పూర్తిగా ఇగిరాకే గుడ్లు కొట్టమనండి. తొందరపడితే ముద్దముద్దగా అవుతుంది. సొరకాయ రేపు పెరుగు పచ్చడికి పనికొస్తుంది.

ఉప్పు, కారం, నూనె, పోపు గింజలు ఫొటోలో లేకపోయినా ఇంట్లో ఉన్నట్టే లెక్క. మూత పెట్టిన స్టీలు గిన్నె గురించి మాత్రం అడగాలి: లోపల ఏముంది, ఎప్పటిది? నిన్నటి అన్నమైతే ఆ పొరటులోనే కలిపేసి బాగా వేడెక్కనివ్వమనండి, విడిగా కూర అక్కర్లేదు.