"మత్తిస్తాం" అంటే ఏ మత్తు? సెడేషన్‌కు ముందు తెలుసుకోవాల్సిన జాగ్రత్తలు

పెద్దపేగులోకి గొట్టం పంపి చూసే కొలనోస్కోపీ అయిన మర్నాడు ఒకావిడ ఫోన్ చేశారు. గొంతులో కోపం కంటే భయమే ఎక్కువగా వినిపించింది. "మధ్యలో నాకు మాటలు వినిపించాయండీ. కడుపు మెలిపెట్టినట్టయింది కూడా. నాకు మత్తు సరిగ్గా ఎక్కలేదా డాక్టర్ గారూ?" అన్నారు.

మత్తు సరిగ్గానే ఎక్కింది. కాకపోతే ఆవిడకు మేం ఇచ్చింది కాన్షస్ సెడేషన్, అంటే పిలిస్తే పలికేంత మగత. ఆవిడ అనుకున్నది జనరల్ అనస్థీషియా, అంటే పూర్తిగా నిద్రపుచ్చే మత్తు. ముందు రోజు ఎవరో "మత్తిస్తారు, ఏమీ తెలీదు" అని చెప్పి పంపేశారు. మత్తు డాక్టరుగా నాకు అదే బాధ కలిగించింది. ఆ రెంటికీ తేడా ఐదు నిమిషాలు కూర్చుని చెప్పి ఉంటే ఆవిడ ఆ రాత్రంతా భయంతో గడిపేవారు కాదు. ఇది ఆవిడ ఒక్కరి సంగతీ కాదు. జనరల్ అనస్థీషియా మధ్యలో మెలకువ రావడం గురించి బ్రిటన్, ఐర్లండ్‌లలో జరిగిన పెద్ద పరిశీలన 2014లో వెలువడింది. అలాంటి ఫిర్యాదులు సుమారు 19,000 మందిలో ఒకరి నుంచి వచ్చినట్టు అందులో తేలింది. ఫిర్యాదు చేసినవాళ్ళలో కొందరు అసలు జనరల్ అనస్థీషియా తీసుకోనేలేదు. వాళ్ళకు ఇచ్చింది సెడేషన్. పూర్తిగా నిద్రపుచ్చుతారని అనుకున్నారు, అంతే.

మత్తు ఎంత లోతుగా ఉందో మేం చూసేది కళ్ళు మూసుకున్నారా లేదా అని కాదు. పిలిస్తే పలుకుతున్నారా అని చూస్తాం. మొదటి మెట్టులో మనిషి మెలకువగానే ఉంటాడు, కంగారు మాత్రం తగ్గుతుంది. రెండో మెట్టు కాన్షస్ సెడేషన్. ఇందులో కునుకు పడుతుంది కానీ పేరు పెట్టి పిలిచినా, భుజం మెల్లగా తట్టినా కళ్ళు తెరిచి, చెప్పిన పని చేస్తారు. ఊపిరి వాళ్ళదే, ఎవరి సాయమూ అక్కర్లేదు. మూడోది లోతు సెడేషన్. పదే పదే పిలిస్తేనో, నొప్పి కలిగేలా నొక్కితేనో తప్ప పలకరు, ఊపిరికి మన సాయం కావాల్సి రావచ్చు. ఆఖరిది జనరల్ అనస్థీషియా. కోసినా లేవరు. ఊపిరి దారి తెరిచి ఉంచడానికి గొంతులో గొట్టమో మరొకటో తరచుగా అవసరమవుతుంది. ఇవి గోడలు కట్టిన నాలుగు గదులు కావు, ఒకే వాలు. అదే మందు, అదే మోతాదు ఒకరిని రెండో మెట్టు దగ్గర ఆపితే ఇంకొకరిని మూడో మెట్టుకు జార్చేస్తుంది.

ఆవిడకు ఏం జరిగిందో చెబుతాను. వయసు 56. ముక్కు దగ్గర ఆక్సిజన్ గొట్టం పెట్టి, చేతి నరంలోకి 2 మిల్లీగ్రాముల మిడజోలమ్, 50 మైక్రోగ్రాముల ఫెంటనిల్ మెల్లగా ఇచ్చాం. మిడజోలమ్ కంగారును, జ్ఞాపకాన్ని తగ్గిస్తుంది కానీ నొప్పిని తగ్గించదు. నొప్పి తగ్గించే పని ఫెంటనిల్‌ది. మూడు నాలుగు నిమిషాలకు మాట ముద్దగా వచ్చింది, రెప్పలు వాలాయి. "అమ్మా, ఎడమ పక్కకు తిరగండి" అంటే తిరిగారు. కావాల్సిన లోతు అదే.

గొట్టం పెద్దపేగులో ఎడమ పక్కన, ప్లీహం దగ్గరున్న వంపు తిరిగేటప్పుడు పేగు సాగి మెలిపెట్టినట్టు నొప్పి వస్తుంది. ఆవిడ మూలిగారు. ఇంకో 1 మిల్లీగ్రాము మిడజోలమ్ ఇచ్చాం. రెండు నిమిషాల్లో గొట్టం వంపు దాటింది, నొప్పి పోయింది. నొప్పి ఉన్నంతసేపూ ఆవిడను అదే పైకి లాగి ఉంచింది. అది పోయేసరికి ఒంట్లో ఉన్న మందే ఎక్కువైపోయింది. గురక మొదలైంది. పిలిస్తే పలకలేదు. వేలికి పెట్టిన ఆక్సిజన్ మీటరు 98 అనే చూపిస్తోంది, కానీ వదిలే గాలిని కొలిచే క్యాప్నోగ్రాఫ్ తెర మీద అల చదునైపోయింది. గడ్డం పైకెత్తి పట్టుకుని, భుజం గట్టిగా తట్టి "అమ్మా, ఊపిరి పీల్చండి" అన్నాం. రెండు మూడు శ్వాసల్లో అల మళ్ళీ లేచింది. ఆక్సిజన్ పెట్టిన మనిషి ఊపిరి ఆపినా వేలి మీటరు అంకె పడిపోవడానికి కొంత సమయం పడుతుంది, అందుకే ఒక్క ఆ అంకెను నమ్ముకోకూడదు.

ఇప్పుడు ఆవిడ జ్ఞాపకాన్ని దీని పక్కన పెట్టి చూడండి. గుర్తున్నది మాటలు, మెలిపెట్టిన నొప్పి. ఆ క్షణంలో ఆవిడ ఊపిరి చక్కగా ఉంది. మేం నిజంగా జాగ్రత్తపడిన క్షణం ఆవిడకు బొత్తిగా గుర్తులేదు. గుర్తుండటం వేరు, ఆ సమయంలో తెలియడం వేరు. మిడజోలమ్ ఇచ్చాక జరిగేవి మనసులో నిలవవు, అదీ అక్కడక్కడా మాత్రమే. అందుకే కొందరికి ఏమీ గుర్తుండదు, కొందరికి తునకలు తునకలుగా గుర్తుంటుంది. రెండూ మామూలే. మందుకు ముందు జరిగినవి మాత్రం చెరిగిపోవు.

ఇక మీ వంతు. "నాకు ఏ మత్తు ఇస్తున్నారు? మధ్యలో ఏం తెలుస్తుంది? నొప్పి వస్తే ఎలా చెప్పాలి?" అని ముందే అడగండి. చెయ్యి ఎత్తమంటారా, నోటితో చెప్పమంటారా అన్నది తేల్చుకోండి. గొట్టం పెట్టే డాక్టరు కాకుండా మిమ్మల్నే గమనిస్తూ ఉండే మనిషి వేరే ఉంటారా అని కూడా అడగండి. ఈ ప్రశ్న అడగడానికి మొహమాటం వద్దు.

గురక, నిద్రలో ఊపిరి ఆగడం, నిద్రమాత్రల అలవాటు, మద్యం, నొప్పికి వాడే బలమైన మాత్రలు, ఇంతకుముందు మత్తుతో పడ్డ ఇబ్బంది, ఇవేవీ దాచకండి. గురక ఉన్నవారికి మందు మోతాదే మారిపోతుంది. షుగరుకో బరువు తగ్గడానికో వారానికోసారి ఇంజెక్షన్ వేసుకుంటుంటే తప్పక చెప్పండి, వాటితో పొట్ట ఖాళీ కావడం ఆలస్యమవుతుంది.

సెడేషనే కదా అని తినేసి రాకండి. సెడేషన్ లోతుకు జారితే గొంతు తన కాపలా వదిలేస్తుంది, పొట్టలోది ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. మామూలుగా తేలికపాటి తిండికి 6 గంటలు, నూనె పదార్థాలకు 8 గంటలు, మంచినీళ్ళకు 2 గంటలు. మీకు ఇంతకంటే ఎక్కువ సమయం చెబితే అదే పాటించండి.

తోడు లేకుండా వెళ్ళకండి. ఆవిడ లేచాక బాగానే మాట్లాడారు, కాళ్ళ మీద నిలబడ్డారు, కానీ "పుండు ఏమైనా కనిపించిందా?" అన్న ప్రశ్న పదిహేను నిమిషాల్లో మూడుసార్లు అడిగారు. ప్రతిసారీ కొత్తగానే. అందుకే డాక్టరు చెప్పేది తోడొచ్చినవాళ్ళు వినాలి, కాగితం మీద రాయించుకోవాలి. బండి నడపడం, మద్యం, సంతకాలు 24 గంటల దాకా వద్దు. తేరుకునేందుకు విరుగుడు మందు ఇచ్చారని తెలిస్తే తొందరగా ఇంటికి వెళ్ళిపోకండి. మిడజోలమ్‌కు విరుగుడైన ఫ్లూమజెనిల్ ప్రభావం మిడజోలమ్ కంటే ముందే తగ్గిపోవచ్చు, మనిషి మళ్ళీ మగతలోకి జారొచ్చు.

ఇంటికి వెళ్ళాక మగత తగ్గకుండా పెరుగుతున్నా, పిలిస్తే సరిగ్గా లేవకపోయినా, గురక మధ్య ఊపిరి ఆగుతున్నట్టనిపించినా, పెదాలు నీలంగా మారినా, నిద్ర పోనిద్దాంలే అనుకోకుండా వెంటనే అత్యవసర సాయానికి ఫోన్ చేయండి. వాళ్ళొచ్చేలోగా గడ్డం పైకెత్తి పట్టుకోండి.