గోడ వైపు తిరిగి పడుకున్న పెద్దావిడ: డెలీరియమా, డిప్రెషనా, డిమెన్షియానా?

చెన్నై వార్డుల్లో పనిచేసే తెలుగు జూనియర్ డాక్టర్ల కోసం ఈ నోట్. అరుస్తూ, సెలైన్ పైపులు పీకేసే పేషెంటుకి డెలీరియం ఉందని ఎవరైనా గుర్తుపడతారు. మన చేయి జారిపోయేది మాట్లాడకుండా, తినకుండా, మంపరగా పడుకునే రకం. నర్సుకి ఆ పేషెంటుతో ఇబ్బంది లేదు కాబట్టి ఎవరూ పిలవరు. పిలిచేసరికి చీటీ మీద "డిప్రెషన్?" అని రాసి ఉంటుంది.

సమస్య

ఒక కేసు ఊహించుకుందాం. నెల్లూరు జిల్లా నుంచి వచ్చిన 74 ఏళ్ల ఆవిడ. ఇంట్లో జారిపడి తుంటి ఎముక విరిగింది, ఆపరేషన్ అయింది. మూడో రోజు నుంచి అన్నం ముట్టడం లేదు, పలకరిస్తే కళ్లు తెరిచి మళ్లీ మూసేస్తున్నారు. చెన్నైలో ఉండే కొడుకు "అమ్మ దిగులు పెట్టేసుకుంది సార్" అంటాడు. కోడలు "రెండేళ్లుగా మతిమరుపు కూడా ఉందండీ" అంటుంది. ఫైల్లో తమిళంలో ప్రశ్నలు అడిగి "జవాబు లేదు" అని రాశారు. ఎస్సిటాలోప్రామ్ మొదలుపెట్టాలా అని మిమ్మల్ని అడుగుతున్నారు.

కారణం ఎటువైపు ఉందో తేల్చడం

ముందు తెలుగులో మాట్లాడండి. అర్థం కాని భాషలో అడిగిన ప్రశ్నకి జవాబు రాకపోతే మెదడు గురించి మనకేమీ తెలిసినట్టు కాదు. కళ్లజోడు పెట్టండి. వినికిడి మిషన్ ఇంట్లో ఉండిపోయిందేమో అడగండి. లేకపోతే మంచి చెవి దగ్గరకి వంగి, నిదానంగా మాట్లాడండి.

తర్వాత చూడాల్సింది జ్ఞాపకశక్తి కాదు, ధ్యాస. 4ఏటీ అనే చిన్న పరీక్షలో నాలుగు భాగాలు: మెలకువ ఎలా ఉంది; వయసు, పుట్టిన తేదీ, ఉన్న చోటు, సంవత్సరం చెప్పగలరా; నెలలు వెనక్కి చెప్పగలరా; మార్పు హఠాత్తుగా వచ్చిందా, హెచ్చుతగ్గులు ఉన్నాయా. మొత్తం 4 లేదా అంతకంటే ఎక్కువ వస్తే డెలీరియం ఉండొచ్చని అర్థం. మెలకువ స్పష్టంగా తేడాగా ఉన్నా, మార్పు హఠాత్తుగా వచ్చినా, ఒక్కోదానికే 4 పడుతుంది. చదువుకోని పెద్దవాళ్లకి పుట్టిన తేదీ తెలియకపోవడం జబ్బు కాదు, ఇంగ్లీషు నెలలు రాకపోవడమూ కాదు. అలాంటి చోట నేను వారాలు వెనక్కి చెప్పమంటాను: "ఆదివారం, శనివారం, అట్లా చెప్పమ్మా." అది పరీక్షలో రాసి ఉన్న ప్రశ్న కాదు కాబట్టి మార్కుల కంటే ఆవిడ చెప్పే తీరు చూడండి.

మన పెద్దావిడ "ఆదివారం, శనివారం" అని ఆగి, కిటికీ వైపు చూసి, "ఎద్దులకి నీళ్లు పెట్టారా" అని అడిగి కళ్లు మూసుకున్నారు. మళ్లీ లేపితే ప్రశ్నే గుర్తులేదు. డిప్రెషన్ ఉన్న మనిషి నిట్టూర్చి, విసుక్కుని, చాలాసేపు తీసుకుని అయినా వరస తప్పకుండా చెప్పగలుగుతుంది, లేదా "నన్నొదిలెయ్యండి, తెలియదు" అంటుంది. కానీ మెలకువ తేటగా ఉంటుంది. తొలిదశ డిమెన్షియాలో సంవత్సరం తప్పు చెప్పినా ముఖంలోకి చూస్తూ మాట కలుపుతుంది, ప్రశ్నని వదిలి ఎటో వెళ్లిపోదు. లూయీ బాడీ డిమెన్షియా మాత్రం ఈ తేడాని చెరిపేస్తుంది: అందులో సహజంగానే హెచ్చుతగ్గులు, లేని మనుషులు కనిపించడం ఉంటాయి. ఏడుపు, "చచ్చిపోతే బాగుండు" అనే మాట ఉన్నంత మాత్రాన డెలీరియం లేదని అనుకోకండి. డెలీరియంలోనూ అవి వస్తాయి.

మిగతా సగం ఇంటివాళ్ల దగ్గర ఉంది. "మతిమరుపు ఉందా" అని అడిగితే అందరూ ఉందంటారు. "పడిపోక ముందు వారం, పొద్దున ఈ టైముకి ఆవిడ ఏం చేస్తుండేవారు?" అని అడగండి. కొడుకు తెలియదన్నాడు, పండక్కి వెళ్లి చూసేవాడే. ఊళ్లో పక్కింటావిడకి ఫోన్ చేయిస్తే, ఆ వారం దాకా పాల లెక్క తప్పకుండా చెప్పేవారనీ, పింఛను డబ్బు తనే తెచ్చుకునేవారనీ తెలిసింది. మార్పు మూడు రోజులది, రెండేళ్లది కాదు. నైట్ నర్సు రాతలో "రాత్రంతా నిద్ర లేదు, గొణుగుతోంది" అని ఉంది. పగలు ఎవరూ చూడని భాగం అదే.

పాత మతిమరుపు మీద కొత్త డెలీరియం చేరి ఉండొచ్చు. రెండూ ఒకదాన్నొకటి కొట్టేయవు. తేల్చలేకపోతే డెలీరియం అనే అనుకుని కారణం వెతకండి.

కారణం దొరికిన చోట్లు

షుగర్, ఆక్సిజన్, జ్వరం, బీపీ నిమిషాల్లో చూసేయండి. ఆవిడ పడిపోయి వచ్చారు కాబట్టి సబ్‌డ్యూరల్ రక్తస్రావం లేదని తేల్చుకోవడానికి తలకి సీటీ కావాలి. అవన్నీ బాగానే ఉన్నాయి. అసలు విషయం మందుల చార్టులో దొరికింది: నొప్పికి ట్రమడాల్, దురదకి ఫెనిరమిన్ ఇంజెక్షన్, నిద్రకి అమిట్రిప్టిలిన్ 10 మి.గ్రా., ఇంటి నుంచి వస్తున్న బీపీ మాత్రలో థయజైడ్. ఫెనిరమిన్, అమిట్రిప్టిలిన్ రెండూ ఎసిటైల్‌కోలిన్‌ని అడ్డుకుని ధ్యాసని చెదరగొడతాయి, మూత్రాన్నీ ఆపేస్తాయి. పొత్తికడుపు మీద చేయి వేస్తే బొడ్డు దాకా గట్టిగా తగిలింది, స్కాన్‌లో 700 మి.లీ. మూత్రం. ఐదు రోజులుగా విరేచనం లేదు. సోడియం 124, థయజైడ్ దాన్ని దించుతుంది.

ఇక్కడ ఎస్సిటాలోప్రామ్ మొదలుపెట్టి ఉంటే ఏమయ్యేదో ఆలోచించండి. ఆ మందు సోడియంని ఇంకా దించగలదు.

పరిష్కారం

ఫెనిరమిన్, అమిట్రిప్టిలిన్, ట్రమడాల్, థయజైడ్ ఆపేయాలి. నొప్పిని వదిలేయకూడదు, నొప్పి కూడా డెలీరియం తెస్తుంది. లివర్, బరువు చూసుకుని పారాసిటమాల్ 650 మి.గ్రా. ఆరు గంటలకోసారి, నొప్పి వచ్చాక కాకుండా టైము ప్రకారం ఇవ్వాలి. చాలకపోతే అనస్థీషియా వాళ్లని నర్వ్ బ్లాక్ అడగండి. మూత్రానికి కాథెటర్ వేసి, మలబద్ధకం తీరి, లేచి కూర్చోగానే తీసేయాలి. అది ఉన్నంతకాలం కాలికి కట్టేసినట్టే.

సోడియం పెరుగుదల 24 గంటల్లో 8 దాటకుండా చూసుకోండి. థయజైడ్ ఆపగానే, పొటాషియం ఇవ్వగానే సోడియం అనుకున్నదానికంటే వేగంగా ఎక్కుతుంది. అందుకే మొదటి రోజు ఆరు గంటలకోసారి పరీక్ష.

పగలు కిటికీ పక్క మంచం, రాత్రి రెండింటికి బీపీ కోసం లేపకపోవడం, తెలుగు మాట్లాడే ఇంటి మనిషి పక్కన ఉండి గ్లాసు నోటికి అందించడం, రోజూ కాసేపు నిలబెట్టడం. ఇవి మందుల చార్టులో రాసినట్టే ఆర్డరుగా రాయండి, రాయకపోతే జరగవు. చేతులు కట్టించకండి. ఇలా నెమ్మదిగా పడుకున్న మనిషికి హాలోపెరిడాల్ అవసరం లేదు. తనకో పక్కవాళ్లకో ప్రమాదం ఉండి, మాటలతో ఆగనప్పుడు మాత్రమే 0.5 మి.గ్రా., ఈసీజీలో క్యూటీ చూశాక. పార్కిన్సన్స్, లూయీ బాడీ అనుమానం ఉంటే అసలే వద్దు. మద్యం లేదా అల్ప్రజోలామ్ హఠాత్తుగా మానేసిన పేషెంటుకి తప్ప లొరాజెపామ్ కూడా వద్దు.

రెండు రోజులైనా తేరుకోకపోతే

కంగారు పడి డిమెన్షియా అని ముద్ర వేయకండి. కారణం తీసేశాక కూడా డెలీరియం వారాలు, ఒక్కోసారి నెలలు పట్టొచ్చు. కానీ మళ్లీ మొదటి నుంచి వెతకండి: కొత్త ఇన్ఫెక్షన్, మళ్లీ నిండిన మూత్రాశయం, ఎవరో తిరిగి రాసిన నిద్రమాత్ర. ఏ కారణమూ దొరక్కపోతే ఈఈజీ చేయించండి. డెలీరియంలో తరంగాలు మందగిస్తాయి, డిప్రెషన్‌లో సాధారణంగా మామూలుగానే ఉంటాయి. పైకి కదలిక లేని మూర్ఛ ఉన్నా అందులోనే బయటపడుతుంది.

డిశ్చార్జి కాగితంలో డెలీరియం అని, కారణాలతో సహా రాసి, మూడు నెలల తర్వాత జ్ఞాపకశక్తి పరీక్షకి తేదీ ఇవ్వండి. కోడలు చెప్పిన మతిమరుపు సంగతి అప్పుడు తేలుతుంది. ఆపేసిన మాత్రల పేర్లు తెలుగులో విడిగా రాసి కొడుకు చేతికివ్వండి. ఊళ్లో మందుల షాపులో పాత చీటీ చూపించి మళ్లీ అదే థయజైడ్ కొనేస్తారు.