మొజార్ట్ సి మేజర్ సొనాటా: ఎడమ చెయ్యి మొరాయిస్తుంటే

పియానో నేర్చుకుంటున్న చాలామందికి ఆల్బర్టీ బేస్ మొదటిసారి గట్టిగా ఎదురయ్యేది కె. 545 సొనాటా మొదటి భాగంలో. 1788లో మొజార్ట్ తన రచనల జాబితాలో దీన్ని ‘బిగినర్ల కోసం’ అని రాసుకున్నాడు. బిగినర్లకే అయినా, మొదటి నాలుగు బార్లలోనే ఎడమ చెయ్యి బండారమంతా బయటపడుతుంది.

ఎడమ చెయ్యి వాయించే ఆల్బర్టీ బేస్ ఇదీ. సి-ఇ-జి కార్డును ఒకేసారి నొక్కకుండా కింది స్వరం, పై స్వరం, మధ్య స్వరం, మళ్లీ పై స్వరంగా విడగొట్టి సి-జి-ఇ-జి అని వాయిస్తుంది. బార్‌కి ఎనిమిది స్వరాలు. వేళ్లు 5-1-3-1. అంటే బొటనవేలు ప్రతి రెండో స్వరానికీ పడుతుంది. కష్టాలన్నీ దాదాపు అక్కడి నుంచే.

నాలుగు బార్లు దాటేసరికి ముంజేయి బిగుసుకుపోతోంది

మణికట్టును కదలనివ్వకుండా ఒక్కో వేలినీ విడిగా పైకెత్తి కొడుతున్నారన్నమాట. పోల్చుకోవడానికి ఓ చిన్న పరీక్ష: వాయిస్తూ ఉన్నట్టుండి ఆగి, కుడి చేత్తో ఎడమ మణికట్టును పైకీ కిందకీ కదిలించండి. కర్రలా ఉందంటే కారణం ఇదే.

వేళ్ల బలం పెంచే ఎక్సర్‌సైజులు దీనికి పనికిరావు, పైగా బిగింపు పెరుగుతుంది. కావలసింది ముంజేయి తిరగడం. తాళంచెవి తిప్పేటప్పుడు చెయ్యి ఎలా తిరుగుతుందో అలా, చిటికెన వేలి వైపు కొద్దిగా, మళ్లీ బొటనవేలి వైపు కొద్దిగా. ముందు సి, జి రెండే స్వరాలు నెమ్మదిగా అటూ ఇటూ తిప్పుతూ వాయించండి. మోచేయి దూరం జరగకూడదు, భుజం పైకి లేవకూడదు. అది అలవాటయ్యాక మధ్యలో ఇ చేర్చండి. సి నుంచి జికి తిరిగే తిప్పు పెద్దది, ఇ నుంచి జికి చిన్నది. వేగం పెరిగేకొద్దీ ఈ తిప్పు బయటికి కనిపించనంత చిన్నదైపోవాలి. నొప్పి మొదలైతే మాత్రం అక్కడితో ఆపేయండి, ఓర్చుకుని వాయించేది కాదిది.

జి మాత్రం టకటకా పైకి వినిపిస్తోంది, కుడి చేతి పాట మునిగిపోతోంది

బొటనవేలు బరువైన వేలు, పైగా బార్‌కి నాలుగుసార్లు పడుతోంది. పట్టించుకోకపోతే జి-జి-జి-జి అనే మోతే పాటైపోతుంది. ఫోన్‌లో రికార్డు చేసి వినండి, వాయించేటప్పుడు మనకి తెలియదు.

బొటనవేలిని మీట మీద నుంచి పూర్తిగా పైకి ఎత్తడం మానేయండి. గోరు పక్క అంచుతో మీటను తాకుతూ ఉండాలి. కొంచెం బరువు ఇవ్వాల్సింది చిటికెన వేలు పడే కింది స్వరానికి, ఎందుకంటే కార్డు మారిందని చెవికి చెప్పేది అదే. నాకు బాగా పనిచేసిన అభ్యాసం ఇంకొకటుంది: కుడి చేత్తో పాట మామూలుగా వాయిస్తూ, ఎడమ వేళ్లతో శబ్దం రానంత పైపైన మీటల్ని తాకుతూ పోవడం. ఆ తర్వాత వినిపించీ వినిపించనట్టు నొక్కడం. అక్కడి నుంచి పెంచాల్సింది కొంచెమే.

మూడో బార్‌లో ఠంచనుగా తడబాటు

మొదటి రెండు బార్లలో బొటనవేలు జి మీద నుంచి కదలదు. రెండో బార్ మొదటి సగంలో డి-జి-ఎఫ్-జి వచ్చినా జి అక్కడే ఉంటుంది. మూడో బార్‌లో సి-ఎ-ఎఫ్-ఎ రాగానే అది మొదటిసారి ఎ మీదకి జరగాలి. జరగడానికి దొరికే టైమ్ చిటికెన వేలు సి వాయించే ఆ అర బీటే. తడబాటు ఎ దగ్గర వినిపిస్తుంది గానీ, తప్పు సి దగ్గరే జరిగిపోతుంది.

అందుకని ముందు విడగొట్టకుండా కార్డులుగానే వాయించండి. రెండో బార్‌లో డి-ఎఫ్-జి, సి-ఇ-జి. మూడులో సి-ఎఫ్-ఎ, సి-ఇ-జి. నాలుగులో బి-డి-జి, సి-ఇ-జి. ఏ వేలు ఉన్నచోటే ఉంటోందో, ఏది జరుగుతోందో చూసుకోండి: మూడో బార్‌లో సి ఉండిపోతుంది, పై రెండూ జరుగుతాయి. నాలుగులో జి ఉండిపోతుంది, కింది రెండూ జరుగుతాయి. ఎఫ్ వచ్చినచోట మూడో వేలికి బదులు రెండో వేలు చాలామందికి సుఖంగా ఉంటుంది.

తర్వాత విడగొట్టి, రెండో బార్ మొదలు నుంచి మూడో బార్ మొదటి సి దాకా వాయించి అక్కడే ఆగండి. కిందికి చూడండి. బొటనవేలు అప్పటికే ఎ మీద ఉందా? ఉంటేనే ముందుకెళ్లాలి. మెట్రోనోమ్ 60లో ఇది కుదిరాకే వేగం పెంచండి.

అంతా కలగాపులగంగా, ముద్దగా వినిపిస్తోంది

మొదట పెడల్ మీద నుంచి కాలు తీసి చూడండి. కార్డు మారినా పెడల్ వదలకపోతే రెండు కార్డులూ కలిసిపోతాయి. పెడల్ కాకపోతే, మీరు ఎడమ చేతిని ఒక ఆక్టేవ్ కిందకి దించి ఉంటారు. ఇక్కడ ఎడమ చెయ్యి కూడా ట్రెబుల్ క్లెఫ్‌లోనే, మిడిల్ సి దగ్గరే మొదలవుతుంది. రెండో బార్‌లో కుడి చెయ్యి బి దాకా దిగి ఎడమ బొటనవేలికి దగ్గరగా వస్తుంది కాబట్టి, ఇరుకనిపించి కిందకి జరుపుకునేవాళ్లుంటారు. జరపకండి, కింది ఆక్టేవ్‌లో దగ్గర దగ్గర స్వరాలు మసకబారతాయి.

కీబోర్డు మీద వాయించేవాళ్లు ఇంకొకటి చూసుకోవాలి. టచ్ రెస్పాన్స్ ఆఫ్‌లో ఉంటే ఎంత మెల్లగా నొక్కినా ఒకే శబ్దం వస్తుంది, అప్పుడు పైన చెప్పిన బొటనవేలి అభ్యాసమంతా వృథా. సెట్టింగ్స్‌లో ఆన్ చేయండి. అసలు ఆ సౌకర్యమే లేని మోడల్ అయితే, చెయ్యి బిగుసుకోకుండానూ కార్డులు తడబడకుండానూ చూసుకోవచ్చు గానీ, రెండు చేతుల శబ్దాన్ని తూచడం నేర్చుకోవడానికి వేరే వాయిద్యం వెతుక్కోవాల్సిందే.