హెచ్‌ఆర్ విభాగం లేని చిన్న కంపెనీలో ఉద్యోగి ఫిర్యాదును ఎలా పరిష్కరించాలి?

పదిహేను మంది పనిచేసే కంపెనీలో ఒక ఉద్యోగిని యజమాని దగ్గరికి వచ్చి, "ఆదివారం డ్యూటీలన్నీ సూపర్‌వైజర్ నాకే వేస్తున్నారండీ. ఎందుకని అడిగితే అందరి ముందూ కసిరారు" అని చెప్పిందనుకుందాం. చాలామంది యజమానులు వెంటనే సూపర్‌వైజర్‌ని పిలిచి అడిగేస్తారు. దాంతో విచారణ మొదలవకముందే అతను సంజాయిషీ సిద్ధం చేసుకుంటాడు, ఆమె మీద కోపమూ పెంచుకుంటాడు.

ముందుగా ఎవరు విచారించాలో తేల్చుకోండి. యజమానే విచారించి తీర్పు చెప్పేస్తే, అప్పీలు వినడానికి పైన ఎవరూ మిగలరు. అందుకే ఈ గొడవతో సంబంధం లేని వేరే సీనియర్‌కి విచారణ అప్పగించి, యజమాని అప్పీలు కోసం పక్కన ఉండటం మంచిది. ఫిర్యాదు యజమాని మీదే అయితే వ్యాపార భాగస్వామినో, ఇద్దరికీ నమ్మకమున్న బయటి వ్యక్తినో పిలవాలి. లైంగిక వేధింపులు, దాడి లాంటివి మాత్రం ఈ దారిలో నడపకూడదు. వాటికి చట్టం చెప్పిన పద్ధతే పాటించాలి.

తర్వాత ఫిర్యాదును రాతలో తీసుకోండి. ఏం జరిగింది, ఎప్పుడు, ఎవరు చూశారు, ఆమె ఏం కోరుకుంటోంది అన్నవి ఉంటే చాలు. ఆఖరి ప్రశ్న చాలామంది అడగరు. ఈ ఉద్యోగిని కోరేది సూపర్‌వైజర్‌కి శిక్ష కాకపోవచ్చు, డ్యూటీలు సమంగా పంచితే చాలనుకోవచ్చు. అందిందని ఒకటి రెండు రోజుల్లో జవాబివ్వండి. ఎప్పటికి తేలుస్తారో కూడా అందులోనే చెప్పండి.

ఆమెతో విడిగా కూర్చుని మాట్లాడండి. తోడుగా ఒక సహోద్యోగిని తెచ్చుకోనివ్వండి. చెప్పింది రాసి, చదివి వినిపించి సంతకం తీసుకోండి. సూపర్‌వైజర్‌తో మాట్లాడకముందే డ్యూటీ చార్టులు తీసి చూడండి. మూడు నెలల్లో పదమూడు ఆదివారాలుంటే ఆమెకు తొమ్మిది పడ్డాయనుకోండి, అప్పుడు అడగాల్సిన ప్రశ్న "నువ్వు పక్షపాతం చూపావా?" కాదు, "ఈ తొమ్మిదీ ఎలా వచ్చాయి?" అని. మిగతావాళ్లు సెలవులు పెట్టినప్పుడల్లా ఆమెనే వేశానని అతను చెబితే, సెలవు చీటీలతో సరిచూడొచ్చు. కసిరిన విషయం చార్టులో దొరకదు కాబట్టి, అక్కడున్న ఇద్దరు ముగ్గురిని ఒక్కొక్కరిగా అడగాలి. ఆఫీసంతా తిరిగి అడిగితే అది కబుర్లలా పాకిపోతుంది.

నిర్ణయం కాగితం మీద ఇవ్వండి. ఏది రుజువైంది, ఏది కాలేదు, ఎందుకు, ఇకపై ఏం మారుతుంది అన్నది రాయండి. ఉదాహరణకు, డ్యూటీలు అసమానంగా పడ్డాయని తేలింది, వచ్చే నెల నుంచి వంతులవారీ చార్టు ముందే అతికిస్తాం, కసిరిన సంగతికి సూపర్‌వైజర్‌తో విడిగా మాట్లాడాం అని. నచ్చకపోతే ఎన్ని రోజుల్లో యజమానికి అప్పీలు చేసుకోవచ్చో కూడా చేర్చండి. ఫైలు అందరికీ అందే చోట కాకుండా తాళం వేసి ఉంచండి.

నెల తర్వాత చార్టు మళ్లీ తెరవండి. ఆదివారాలు తగ్గినా, ఆమెకు అడిగిన సెలవు దొరక్కపోవడమో, కష్టమైన పనులన్నీ ఆమెకే రావడమో కనిపిస్తే, అది కక్ష సాధింపు కావచ్చు. దాన్ని కొత్త ఫిర్యాదుగా తీసుకుని, మళ్లీ రాత దగ్గర్నుంచి మొదలుపెట్టండి.