ఎండలో ప్రాక్టీస్ చేసేవాళ్లకు వడదెబ్బ తగలకుండా ఎలా చూసుకోవాలి?

ఆటగాళ్లకు వడదెబ్బ భయం ఎక్కువగా ఉండేది ట్రైనింగ్ మొదలైన తొలి రోజుల్లోనే. ఒళ్లు వేడికి అలవాటు పడటానికి పది నుంచి పద్నాలుగు రోజులు పడుతుంది. అందుకే మొదటి రోజు అరగంట తేలికపాటి పరుగుతో ఆపేయండి. తర్వాత ముందు సమయాన్ని, ఆపైన వేగాన్ని కొద్దికొద్దిగా పెంచండి. జ్వరం వచ్చి లేచినవాళ్లూ, చాలా రోజులు మానేసి వచ్చినవాళ్లూ మళ్లీ మొదటి నుంచి రావాల్సిందే.

ప్రాక్టీస్ తెల్లవారుజామున పెట్టుకోవడం మంచిది. సాయంత్రమైతే ఎండ తగ్గినా నేల వేడి చాలాసేపు వదలదు. ఇంకో సంగతి, ఉక్కపోతను తక్కువగా చూడకండి. చెమట కారితే సరిపోదు, అది ఆరితేనే ఒళ్లు చల్లబడుతుంది. గాలిలో తేమ ఎక్కువగా ఉంటే చెమట ఆరదు. అలాంటి రోజు ఎండ లేకపోయినా ప్రాక్టీస్ సగానికి తగ్గించండి.

ఎన్ని నీళ్లు తాగాలో తెలుసుకోవడానికి బరువు చూసుకోండి. ఒక అమ్మాయి ప్రాక్టీస్‌కు ముందు 60 కిలోలు ఉంది, గంట తర్వాత 59.2 కిలోలకు వచ్చింది అనుకుందాం. తగ్గింది 800 గ్రాములు, మధ్యలో తాగింది అరలీటరు. అంటే గంటలో దాదాపు 1.3 లీటర్ల చెమట పోయింది. మర్నాడు ప్రతి పావుగంటకూ ఆపి, నీడలో ఒక గ్లాసు, అంటే 200 మిల్లీలీటర్లు తాగిస్తే చాలు. పోయినదంతా అప్పటికప్పుడే పూడ్చాల్సిన పని లేదు. బరువు రెండు శాతానికి మించి, అంటే ఈమెకు 1.2 కిలోలకు మించి తగ్గకపోతే చాలు. బరువు పెరిగిందంటే మాత్రం నీళ్లు ఎక్కువయ్యాయని అర్థం. అలా నీళ్లు ఎక్కువై రక్తంలో సోడియం పడిపోతే అదీ ప్రాణం మీదికి తెస్తుంది.

తలనొప్పి, వికారం, కళ్లు తిరగడం మొదలైతే వెంటనే ఆపించి నీడకు తీసుకెళ్లండి. అసలు ప్రమాదం మాటలో, నడకలో కనిపిస్తుంది. "ఇది ఎన్నో రౌండ్?" అని అడిగితే పొంతన లేకుండా చెప్పడం, ఊరికే కసురుకోవడం, తూలడం కనిపిస్తే వడదెబ్బే అనుకోండి. చెమట పడుతోంది కదా అని ధీమాగా ఉండొద్దు. పరిగెత్తేవాళ్లకు వడదెబ్బ తగిలినా చెమట పడుతూనే ఉండొచ్చు.

అప్పుడు ఒకరు అంబులెన్స్‌కు ఫోన్ చేస్తుంటే మిగతావాళ్లు చల్లబరచడం మొదలుపెట్టాలి. ఐసు నీళ్ల టబ్ ఉంటే మెడ దాకా ముంచి, తల మునగకుండా పట్టుకోండి. లేకపోతే ఒంటి నిండా నీళ్లు పోస్తూ, ఐసు నీళ్లలో తడిపిన తువ్వాళ్లు కప్పి, అవి వేడెక్కగానే మారుస్తూ, గాలి విసరండి. తెలివి సరిగా లేనప్పుడు నోట్లో నీళ్లు పోయకండి. అంబులెన్స్ వచ్చేదాకా చల్లబరచడం ఆపొద్దు.